వాడని కార్డుకు వార్షిక ఫీజా?

మాది కావలి. 'జీవితాంతం ఉచితం' అని ఫోన్‌లో చెప్పి క్రెడిట్ కార్డు అంటగట్టారు. నేను వాడనేలేదు, కత్తిరించి పారేశాను. అయినా యాన్యువల్ ఫీజు, సర్వీస్ చార్జీ అంటూ నా ఖాతాలోంచి డబ్బు లాక్కున్నారు. ఆటో డెబిట్ ఆపేశాక రికవరీవాళ్ల ఫోన్లకు మా అమ్మ హడలిపోతోంది. వెయ్యి కడితే సెటిల్ చేస్తామంటున్నారు. స్టేట్‌మెంట్ ముక్కలు పంపుతున్నాను. నా డబ్బు వెనక్కి వస్తుందా?
— ఒక పాఠకుడు

మీరు పంపిన మొదటి ముక్కలోనే 2023 నవంబరులో పెట్రోలు బంకులో రూ.500 గీకినట్టు ఉంది. అడగకుండా అంటగట్టిన కార్డుకు బిల్లు వేస్తే ఆ చార్జీలు తిరిగివ్వడమే కాక వాటికి రెట్టింపు జరిమానా కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ ఒక్క లావాదేవీతో ఆ వాదన మీకు దాదాపు పోయింది. 'వాడనేలేదు' అని ఎక్కడా రాయకండి, మిగతా మాటలనూ నమ్మరు.

ఇక కేసంతా 'ఉచితం' అన్న మాటకు రాతమూలక ఆధారం ఉందా అన్న దానిమీదే నిలుస్తుంది. కార్డుతో వచ్చిన లేఖ, అప్పటి ఎస్‌ఎంఎస్‌లు, మెయిళ్లు వెతకండి. ఉచితమని ఇచ్చి తర్వాత ఫీజు మొదలుపెట్టి ఉంటే కనీసం నెల ముందు నోటీసు ఇచ్చి తీరాలి. కత్తిరించి పంపిన ముక్కల్లో స్టేట్‌మెంట్ తేదీ లేదు, కార్డు చివరి నాలుగంకెలు లేవు. అవి సాక్ష్యంగా పనికిరావు. పూర్తి పీడీఎఫ్‌లు దించుకోండి.

కార్డు కత్తిరిస్తే ఖాతా మూతపడదు. మీరు చేసిన పెద్ద పొరపాటు అదే.

సెటిల్‌మెంటుకు మాత్రం ఒప్పుకోవద్దు. సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడితే రేపు ఇంటిలోను దగ్గర అదే అడ్డం వస్తుంది. దానికి బదులు, 2025 మే ఫీజు రూ.588.82 (499, దానిపై 18 శాతం జీఎస్టీ), లేటు ఫీజు 'అభ్యంతరంతో కడుతున్నాను' అని మెయిల్ పెట్టి కట్టేయండి. అదే రోజు కార్డు మూసేయమని రాయండి. బాకీ లేకుంటే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 మీకివ్వాలి.

ఫిర్యాదు విడిగా పెట్టండి. ఒక్కో చార్జీకి తేదీ, మొత్తం రాసి, దేనికి వేశారో పత్రాలతో చూపమనండి. 2024 ఆగస్టు నాటి రూ.234.82 సర్వీసు చార్జీకి మీ స్టేట్‌మెంట్‌లో ఏ వివరణా లేదు, దాన్ని గట్టిగా పట్టుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టండి. ఖర్చు లేదు.

అక్కడ ఫిర్యాదు నడుస్తోందని వినియోగదారుల కమిషన్ గడువు ఆగుతుందనుకోకండి. అది రెండేళ్లు. 2024 మే 12న కోసిన మొదటి ఫీజుకు 2026 మే 11 లోపే నెల్లూరు జిల్లా కమిషన్‌లో దాఖలు కావాలి. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు లేదు. దాటితే ఆలస్యానికి కారణం చూపాలి, 'ఫోన్లలో తిరిగాను' అంటే అది చాలదు.