పెన్సిల్ అక్షరాలను లోగోగా మార్చేటప్పుడు నోడ్లు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: కాగితం మీద పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు గీసుకున్నాను. స్కాన్ చేసి, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్‌గా ట్రేస్ చేస్తే అంచులు గరుకుగా, గీతను నిలిపే లెక్కలేనన్ని చుక్కలతో, అంటే నోడ్లతో వస్తున్నాయి. Simplify వాడితే ఆకారమే పాడవుతోంది. నున్నటి వంపులు రావాలంటే ఏం చేయాలి?

జవాబు: ఆటోమేటిక్ ట్రేస్‌ను పక్కన పెట్టి, అక్షరాన్ని పెన్ టూల్‌తో మీరే గీయండి. ఆ ట్రేస్ చేసే Trace Bitmap నలుపు ఎక్కడ ఆగి తెలుపు ఎక్కడ మొదలైందో మాత్రమే చూస్తుంది. కాగితం గరుకు, పెన్సిల్ పొడి, చెయ్యి వణికిన చోటు, అన్నీ దానికి అంచులే. ఇక Simplify నోడ్లను తగ్గిస్తుంది కానీ, తలకట్టు కొన పదునుగా ఉండాలని, అడుగు వంపు గుండ్రంగా ఉండాలని దానికి తెలియదు. అందుకే రెండింటినీ ఒకే తీరుగా అరగదీస్తుంది.

నేను లోగోల కోసం తెలుగు అక్షరాలు గీస్తుంటాను. తెలిసినవాళ్ల మొక్కల నర్సరీ బోర్డుకు ‘వనం’ అన్న మాట గీశాను. అదే ఉదాహరణగా చెబుతాను.

స్కాన్ చేసే ముందు పెన్సిల్ గీతపై ట్రేసింగ్ పేపర్ పరిచి, నల్ల పెన్నుతో అంచులు మాత్రం స్పష్టంగా దిద్దండి. 300 డీపీఐలో స్కాన్ చేస్తే చాలు. ఆ బొమ్మను వేరే లేయర్‌లో పెట్టి, లేతగా కనిపించేలా చేసి, లాక్ చేయండి.

మొదట సున్న గీయండి. మాటలో అది చివర ఉన్నా, మిగతా అక్షరాల మందం, గుండ్రదనం దాంట్లోనే తేలతాయి. బయటి అంచుకు నాలుగే నోడ్లు: అన్నిటికన్నా పైన ఒకటి, కింద ఒకటి, ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి. ఒక్కో నోడ్ నుంచి రెండు వైపులా వచ్చి వంపును మలిచే పిడుల్లాంటి గీతలే హ్యాండిళ్లు. పైన, కింద ఉన్న నోడ్ల హ్యాండిళ్లు పూర్తిగా అడ్డంగా, పక్కల ఉన్నవాటివి పూర్తిగా నిలువుగా ఉండాలి. లాగేటప్పుడు Ctrl నొక్కి పట్టుకుంటే అవి వంకర పోవు. హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో సగం కన్నా కొంచెం ఎక్కువ, అంటే దాదాపు 55 శాతం ఉంటే వృత్తం వస్తుంది. సున్న వెడల్పు 100 యూనిట్లయితే వ్యాసార్ధం 50, హ్యాండిల్ పొడవు 27 లేదా 28. దాన్ని 32 వరకు లాగితే సున్న మూలల వైపు ఉబ్బి చతురస్రం పోలిక తెచ్చుకుంటుంది. 22కు తగ్గిస్తే వజ్రంలా కోసుగా మారుతుంది. నర్సరీ బోర్డుకు నేను 30 దగ్గర ఆగాను, కాస్త నిండుగా కనిపించాలని.

లోపలి అంచుకూ ఇదే పద్ధతి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: మందం చుట్టూ ఒకేలా కొలిచి పెడితే పైనా కిందా బరువుగా కనిపిస్తుంది. అడ్డగీత నిలువుగీత కన్నా లావుగా తోచడం కంటికి సహజం. పక్కల మందం 20 ఉంటే పైన, కింద 18 లేదా 18.5 చేయండి. అప్పుడే సమంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

సున్న కుదిరాక ‘వ’ మొదలుపెట్టండి. సూత్రం అదే. అడుగున ఉన్న పెద్ద వంపు ఎక్కడ అన్నిటికన్నా దిగువకు చేరుతుందో అక్కడొక నోడ్, ఎక్కడ పూర్తిగా పక్కకు వస్తుందో అక్కడొకటి. మధ్యలో గీత స్కాన్‌కు సరిపోకపోతే కొత్త నోడ్ పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, ఉన్న హ్యాండిళ్ల పొడవు మార్చి చూడండి. వంపు మధ్యలో అదనంగా పెట్టిన నోడ్ దగ్గరే చాలాసార్లు సొట్ట పడుతుంది. ఒక వంపు ముగిసి దానికి ఎదురు వంపు మొదలయ్యే చోట మాత్రం ఒక నోడ్ పెడితే అదుపు దొరుకుతుంది. ‘న’లో అలాంటి చోటు మీకే కనిపిస్తుంది.

సొట్ట ఎందుకు వచ్చిందో పట్టుకోవడానికి నేను చూసేది ఒకటుంది. ఒక వంపుకు రెండు చివరల నుంచి వచ్చే హ్యాండిళ్లను ఊహలో పొడిగిస్తే అవి ఒకచోట కలుస్తాయి. ఏ హ్యాండిలైనా ఆ కలిసే చోటును దాటి పోయిందంటే వంపు ఒక పక్కకు లాగినట్టు అవుతుంది. రెంటిలో ఒకటి మరీ పొట్టిగా, మరొకటి మరీ పొడుగ్గా ఉన్నా అంతే. పొడుగుదాన్ని తగ్గించి, పొట్టిదాన్ని పెంచండి. స్కాన్ గీత నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఫరవాలేదు. ఈ దశ దాటాక స్కాన్‌కు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. ఆ లేయర్‌ను దాచేసి, అక్షరాలను తలకిందులుగా తిప్పి చూడండి. చదవడం ఆగిపోయి ఆకారం మాత్రమే కనిపిస్తుంది, బరువు ఎటు ఒరిగిందో తెలుస్తుంది.

తలకట్టును విడిగా గీయండి. ‘వ’కూ ‘న’కూ అది ఒకటే, అందుకని ఒకదాన్ని శ్రద్ధగా గీసి రెండో అక్షరానికి కాపీ చేస్తే వాలు, మందం మారవు. కింది మలుపు దగ్గర, కొనల దగ్గర నోడ్లు కోసు రకంగానే ఉండాలి, నున్నటి రకంగా మారిస్తే తలకట్టు పురుగులా మెత్తబడుతుంది. తలకట్టు అక్షరాన్ని తాకే చోట రెండు మందాలు కలిసి నల్లటి మచ్చ తయారవుతుంది. పెద్ద బోర్డు మీద అది తెలియదు. విజిటింగ్ కార్డు మీద మాట సెంటీమీటరున్నర వెడల్పుకు తగ్గినప్పుడు ఆ మూల పూడుకుపోతుంది. అందుకే అతుకు దగ్గర తలకట్టు మందాన్ని కొద్దిగా సన్నం చేస్తాను, 20 ఉన్నచోట 16 లేదా 17. దాంతోపాటు లోపలి మూలలోకి తెలుపు కాస్త లోతుగా వెళ్లేలా చేస్తాను.

అన్నీ కుదిరాక ఫైలుకు ఒక కాపీ దాచుకుని, ముందు ప్రతి లోపలి అంచునూ దాని బయటి అంచుతో కలిపి ఎంచుకుని Path > Difference తో ఖాళీ చేయండి, లేకపోతే Union ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఆ తర్వాత ఒక్కో అక్షరంలోని భాగాలను ఎంచుకుని Path > Union ఇవ్వండి. కలిపేశాక వెనక్కి వెళ్లి తలకట్టును జరపడం కష్టం, కాపీ ఉండాల్సింది అందుకే. ఇప్పుడు View > Display Mode > Outline లోకి వెళ్లి అతుకులను బాగా పెద్దవి చేసి చూడండి. పక్కపక్కనే అంటుకున్న రెండు నోడ్లు, కంటికి ఆనని చిన్న ముక్క గీత, అక్షరం లోపల మిగిలిపోయిన గీత, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. ఒక నోడ్ తీసేస్తే పక్కవాటి హ్యాండిళ్లు కదలవచ్చు, అవి మళ్లీ అడ్డంగా, నిలువుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఈ శుభ్రం తెర మీద అనవసరంగా తోచవచ్చు. కానీ స్టిక్కర్ కటింగ్ యంత్రం రంగును చూడదు, గీత వెంట కత్తిని నడుపుతుంది. తలకట్టును కలపకుండా అక్షరం మీద ఊరికే పెట్టి పంపితే, అతుకు దగ్గర అక్షరం లోపలే కోత పడుతుంది. నోడ్లు గుమిగూడిన చోట కత్తి ఆగి ఆగి కదిలి అంచు రంపపు పళ్లలా వస్తుంది. కటింగ్ షాపుకు ఫైలు ఇచ్చే ముందు వాళ్లు ఏ ఫార్మాట్ తీసుకుంటారో అడగండి. అక్కడ తెరిచాక సున్నలో నోడ్లు బయట నాలుగు, లోపల నాలుగు అలాగే ఉన్నాయేమో ఒకసారి చూడమనండి. పెరిగి ఉంటే ఫైలు మార్పిడిలో వంపులు ముక్కలయ్యాయని అర్థం, వేరే ఫార్మాట్‌లో మళ్లీ ఎగుమతి చేసి ఇవ్వండి.