మోడ్‌బస్: లైన్‌ను ఎప్పుడు వదలాలి?

*మిల్లు ప్యానెల్‌లోని ఎనర్జీ మీటర్ రీడింగులను ఆర్డునో మెగాతో తీస్తున్నాను సార్. మ్యాక్స్485 మాడ్యూల్, 9600 బాడ్. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే ప్రతిసారీ చదువుతోంది. మెగాతో మొదట ఏమీ రాలేదు. పంపాక delay(20) పెడితే ఒకసారి వస్తోంది, ఒకసారి టైమౌట్. అప్పుడప్పుడు ఆంప్స్ దగ్గర వోల్టేజ్ చూపిస్తోంది. వైరింగ్ మార్చాలా?*
*– రైస్ మిల్లు ఎలక్ట్రీషియన్, మిర్యాలగూడ*

వైరింగ్ ముట్టుకోకండి. ల్యాప్‌టాప్‌తో ప్రతిసారీ చదువుతోందంటే మీటర్, కేబుల్, స్లేవ్ నంబర్ అన్నీ సరిగ్గానే ఉన్నట్టు. ఆర్ఎస్-485లో ఉన్నది ఒకే జత తీగలు. ఒకరు పంపేటప్పుడు మిగతావాళ్లు వినాలి. మీ యూఎస్‌బీ కన్వర్టర్ ఈ మార్పిడిని తనంతట తానే చేసుకుంటుంది. మ్యాక్స్485లో పంపడాన్ని ఆన్ చేసే డీఈ, వినడాన్ని ఆన్ చేసే ఆర్ఈ పిన్నులను కలిపి ఆ పని మీ ప్రోగ్రామ్ చేయాలి. తేడా వస్తున్నది అక్కడే.

మీరు పంపే ప్రశ్న ఇలా ఉంటుంది:

```
01 03 00 00 00 02 C4 0B
```

01 మీటర్ నంబర్, 03 అంటే హోల్డింగ్ రిజిస్టర్లు చదవమని. 0000 నుంచి 2 రిజిస్టర్లు కావాలి. చివరి రెండు బైట్లు ఫ్రేమ్ చెడిపోయిందా అని పట్టిచ్చే సీఆర్‌సీ, అందులో కింది బైట్ ముందు వెళ్తుంది. 9600 బాడ్‌లో ఒక్కో బైట్‌కు దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది కాబట్టి మొత్తం 8.3 మిల్లీసెకన్లు. కానీ `write()` అంతసేపు ఆగదు. బైట్లను బఫర్‌లో పెట్టి వెంటనే తిరిగొస్తుంది. ఆ మరుక్షణమే డీఈని దించితే మొదటి బైట్ కూడా పూర్తిగా బయటికి పోదు. మీటర్‌కు తెగిన ఫ్రేమ్ అందుతుంది, సీఆర్‌సీ కలవదు. అలాంటప్పుడు మోడ్‌బస్ స్లేవ్ తప్పు అని కూడా చెప్పదు, ఊరుకుంటుంది. మొదట మీకు ఏమీ రాకపోవడానికి కారణం ఇదే.

delay(20) పెట్టాక సమస్య అటు నుంచి ఇటు తిరిగింది. ప్రశ్న 8.3 మిల్లీసెకన్లలో అయిపోయినా మీరు 20 వరకు లైన్‌ను పట్టుకునే ఉన్నారు. ఫ్రేమ్ ముగిసిందని గుర్తించడానికి మీటర్ మూడున్నర అక్షరాల నిశ్శబ్దం చూస్తుంది, సుమారు 4 మిల్లీసెకన్లు. ఆ తర్వాత వెంటనే, అంటే 13వ మిల్లీసెకను దగ్గర, జవాబు మొదలుపెడితే 9 బైట్లలో ఆరేడు మీ చేతికి రావు. అదే మీటర్ వేరే పనిలో ఉండి 30 మిల్లీసెకన్లు తీసుకుంటే జవాబు మొత్తం అందుతుంది. మీటర్ ఆలస్యం చేసినప్పుడే మీకు రీడింగ్ వస్తోందన్నమాట.

చివరి బిట్ బయటికి వెళ్లేదాకా ఆగి, వెంటనే వదలాలి. `flush()` చేసేది అదే:

```
digitalWrite(DE_PIN, HIGH);
Serial1.write(req, 8);
Serial1.flush();
while (Serial1.available()) Serial1.read();
digitalWrite(DE_PIN, LOW);
```

మధ్యలో ఆ while ఎందుకంటే, పంపుతున్నంతసేపూ రిసీవర్ ఆఫ్‌లో ఉండి, విన్నదాన్ని మెగాకు ఇచ్చే ఆర్ఓ పిన్ గాలిలో వేలాడుతుంది. దానివల్ల దొంగ 00 బైట్ చేరి జవాబు ముందు కూర్చుంటుంది. ఆర్ఓ నుంచి 5 వోల్ట్‌లకు ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే ఇంకా మంచిది.

నమ్మకం కుదరకపోతే యూఎస్‌బీ కన్వర్టర్‌ను ఏకి ఏ, బీకి బీ కలిపి అదే లైన్‌పై ఉంచి, ఏమీ పంపకుండా హెక్స్‌లో చూడండి. ప్రశ్నే తెగి కనిపిస్తే డీఈ ముందుగా దిగుతోంది. ప్రశ్న పూర్తిగా ఉండి జవాబు మొదలు చెడిపోతే ఆలస్యంగా దిగుతోంది.

ఇక ఆంప్స్ దగ్గర వోల్టేజ్. నాకు టైమౌట్ కన్నా ఇదే ప్రమాదంగా అనిపిస్తుంది, ఎందుకంటే సీఆర్‌సీ కూడా సరిపోతుంది. జవాబు ఫ్రేమ్‌లో మీటర్ నంబర్, 03, బైట్ల లెక్క, విలువ, సీఆర్‌సీ ఉంటాయి. ఏ రిజిస్టర్‌ది అన్నది ఎక్కడా ఉండదు. మీరు వోల్టేజ్ అడిగి, 50 మిల్లీసెకన్లు చూసి వదిలేసి, వెంటనే కరెంట్ అడిగారనుకోండి. వోల్టేజ్ జవాబు 60వ మిల్లీసెకనుకు వస్తే అది కరెంట్ జవాబుగానే చెల్లిపోతుంది, 415 ఆంప్స్ అని రికార్డవుతుంది.

అందుకే ముందు కొలవండి. డీఈ దించిన క్షణం నుంచి మొదటి బైట్ వచ్చేదాకా `millis()` తేడాను ఒక షిఫ్ట్ మొత్తం ప్రింట్ చేయండి. అందులో అన్నిటికన్నా పెద్దది 80 అయితే టైమౌట్‌ను 200 పెట్టండి. అప్పటికీ టైమౌట్ అయితే వెంటనే మళ్లీ అడగకుండా ఇంకో 200 ఆగి, బఫర్ ఖాళీ చేసి, అప్పుడు అడగండి. 9 బైట్ల కోసమే కూర్చోకండి కూడా. రెండో బైట్ 83 వస్తే అది ఎక్సెప్షన్, మొత్తం 5 బైట్లే ఉంటుంది. లేని రిజిస్టర్ అడిగితే మూడో బైట్ 02 అని చెబుతుంది. దాన్ని టైమౌట్‌గా లెక్కేస్తే అసలు కారణం మీకు ఎప్పటికీ కనిపించదు.

ఇవన్నీ చేశాక కూడా పెద్ద మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రమే తప్పులొస్తుంటే, అప్పుడు కేబుల్‌ను చూడండి. పవర్ తీగల పక్కనే వెళ్తోందా, మెగా గ్రౌండ్‌ను మీటర్ కామన్‌కు కలిపారా అన్నది గమనించండి.