ఓడ రేవు బయట ఆగితే డబ్బు ఎవరిది?

ప్రశ్న: మా బొగ్గు ఓడ బెర్తు ఖాళీ లేక విశాఖ బయట 4 రోజులు లంగరేసి ఉంది. ఆ ఖర్చు ఓడ యజమానిదా, ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్‌దా?

ఓడను కొంతకాలానికి అద్దెకు తీసుకునే టైమ్ చార్టర్ అయితే చార్టరర్‌దే. రోజు అద్దె నడుస్తూనే ఉంటుంది, ఇంధనమూ అతనిదే. ఇంజన్ చెడడం లాంటి ఓడ లోపంతో సమయం పోతేనే అద్దె ఆగుతుంది.

ఒక ప్రయాణానికి కుదుర్చుకునే వాయేజ్ చార్టర్‌లోనే పేచీ. అక్కడ కిరాయి మామూలుగా టన్నుకు ఇంత అని. సరుకు దించే గడువు, అంటే లేటైమ్, అందులోనే కలిసి ఉంటుంది. 75,000 టన్నులు, రోజుకు 25,000 చొప్పున దించాలంటే గడువు 3 రోజులు. సెలవుల మినహాయింపు లేదనుకుందాం. ఓడ సిద్ధంగా ఉందని ఇచ్చే నోటీస్ ఆఫ్ రెడీనెస్ బెర్తు దొరక్కపోయినా చెల్లుతుందని, ఇచ్చిన 12 గంటలకు లెక్క మొదలవుతుందని రాసుకుంటే, లంగరులోనే మూడున్నర రోజులు లెక్కకొస్తాయి. గడువు అక్కడే అయిపోయి, అరరోజు డెమరేజ్, అంటే గడువు దాటినందుకు కట్టే సొమ్ము, పడింది. దించడానికి మరో 3 రోజులు పడితే డెమరేజ్ మొత్తం మూడున్నర రోజులు. రోజుకు 16,000 డాలర్ల రేటైతే చార్టరర్ కట్టేది 56,000.

ఆ షరతు లేకుండా, ఓడ చేరాల్సిన చోటు బెర్తే అని రాసుకున్న బెర్తు చార్టర్ అయితే, బెర్తుకు చేరేదాకా నోటీసు ఇవ్వడానికే వీల్లేదు. ఎదురుచూపు సాధారణంగా యజమాని నెత్తినే. అందుకే ముందు ఆ క్లాజు చూడండి.

చాలామంది పొరబడేది వాన దగ్గర. లేటైమ్‌లో వాన గంటలు మినహాయించినా, డెమరేజ్ మొదలయ్యాక ఆ మినహాయింపు వర్తించదు, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప.