ధర కదల్లేదు, డబ్బు మాత్రం తగ్గింది

“రాజాం నుంచి రాస్తున్నాను. ఒక చిన్న కంపెనీ షేర్లు 1,000 మార్కెట్ ఆర్డర్‌లో కొని, రెండ్రోజుల తర్వాత అలాగే అమ్మేశాను. తెరమీద ధర రెండుసార్లూ 39.40. అయినా 2,380 రూపాయలు పోయాయి, ఛార్జీలు కాకుండానే. బ్రోకర్ మోసమా?”

మోసం కాదు బాబూ. తెరమీద కనిపించేది ఆఖరి లావాదేవీ ధర. ఇలాంటి షేర్లలో అది గంటల కిందటిది కూడా కావచ్చు. పలాసలో జీడిపిక్కలు కొనే ధర, అమ్మే ధర ఒకటి కానట్టే ఇక్కడా రెండు ధరలుంటాయి. మార్కెట్ ఆర్డర్ అంటే ఆ క్షణంలో ఏ ధర దొరికితే ఆ ధరకే.

బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్ తీసి చూడండి. లెక్క ఇలా ఉండొచ్చు: 40.20కి అమ్మేవాళ్ల దగ్గర 300 షేర్లే ఉన్నాయి, మిగతా 700 మీకు 40.80కి వచ్చాయి. మొత్తం 40,620. అమ్మేటప్పుడు 38.60కి 400 పోయాయి, మిగతా 600 షేర్లు 38కే పోయాయి. చేతికొచ్చింది 38,240. అంటే దాదాపు 6 శాతం నష్టం. బ్రోకరేజీ తక్కువని సంబరపడేవాళ్లు ఈ ఖర్చును లెక్కే వెయ్యరు, ఎందుకంటే ఏ బిల్లులోనూ విడిగా కనిపించదు.

ఇకమీదట ముందు మార్కెట్ డెప్త్, అంటే కొనేవాళ్ల, అమ్మేవాళ్ల ఆర్డర్ల పట్టిక తెరవండి. ధరలతోపాటు ఎన్ని షేర్లున్నాయో కూడా చూడండి. కొనేటప్పుడు మీరు చెప్పిన ధర దాటని లిమిట్ ఆర్డరే పెట్టండి, 39.50 దగ్గర, కొద్దికొద్దిగా. ఆర్డర్ పూర్తికాకపోవచ్చు, ఈలోగా ధర పైకి పోవచ్చు కూడా. అమ్మేటప్పుడు లోయర్ సర్క్యూట్ పడితే, అంటే ధర ఆ రోజు దిగగలిగినంత దిగిపోతే మాత్రం లిమిట్ ఆర్డరూ కాపాడదు, కొనేవాడే ఉండడు.