సుమా, డీమ్యాట్ తెరిచే ముందు ఇది చదువు

సుమా,

షేర్లు దాచుకునే డీమ్యాట్ అకౌంట్ తెరుస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన జీతంతో, తన పేరు మీద షేర్లు కొంటానంటే నాకు గర్వంగానే ఉంది, కానీ తిరుపతిలో బ్రోకర్ ఆఫీసులో డీమ్యాట్ కౌంటర్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కదా, గుండెలో దడ కూడా మొదలైంది.

తెరవడానికేముంది, పాన్, ఆధార్‌కి లింకైన మొబైల్, బ్యాంకు వివరాలు, సంతకం, ఫోటో, అంతే. నామినీగా అమ్మ పేరు రాయి. ఎఫ్ అండ్ ఓ అనే రిస్కు ట్రేడింగు కావాలా అని అడిగిన చోట టిక్ పెట్టావో, చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ తిడతా.

ఫోన్‌లో నీకు కనిపించేది ఒక్క బ్రోకర్ యాప్, అందుకే అందరూ షేర్లు బ్రోకర్ దగ్గరున్నాయనుకుంటారు. సోమవారం నువ్వు పది షేర్లు కొన్నావనుకో. బ్రోకర్ నీ ఆర్డర్‌ని ఎక్స్ఛేంజికి పంపిస్తాడు, అక్కడ ముక్కూ మొహం తెలియని ఎవరో అమ్ముతారు. వాడు షేర్లు ఇవ్వకపోతే ఎలా అని నువ్వు టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలో నిలబడి, లెక్కలో నీకు అమ్మేవాడు, అతనికి కొనేవాడు తానే అవుతుంది. అతను ఎగ్గొడితే ఆక్షన్‌లో కొని ఇస్తుంది, అక్కడా దొరక్కపోతే డబ్బుగా లెక్క తేలుస్తుంది. అంతా సవ్యంగా జరిగి, సెలవు అడ్డు రాకపోతే, మంగళవారానికి షేర్లు నీ డీమ్యాట్‌లో పడతాయి. ఆ డీమ్యాట్ లెక్క ఉండేది షేర్లను కంప్యూటర్ లెక్కగా దాచే డిపాజిటరీ అనే సంస్థలో. మన దేశంలో అవి రెండే, ఎన్ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్. బ్రోకర్ నీకూ డిపాజిటరీకీ మధ్య ఉండే డిపాజిటరీ ఏజెంటు, దాన్నే డీపీ అంటారు.

ఇది తెలియకే మా కౌంటర్‌కి వచ్చే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు దెబ్బతిన్నారు. అప్పట్లో షేర్లు అమ్మాలంటే డీఐఎస్ అని చెక్‌బుక్కులాంటి స్లిప్పుల పుస్తకం ఉండేది. ప్రతిసారీ చంద్రగిరి నుంచి రావడం ఎందుకని ఆయన ఖాళీ స్లిప్పుల మీద వరసగా సంతకాలు పెట్టి, తన పాత బ్రోకర్ దగ్గర ఉంచేశారు. నెలనెలా ఆ ఆఫీసు ప్రింటు తీసిచ్చిన కాగితంలో షేర్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, ఆయన వాటిని ఫైల్లో పంచ్ చేసి పెట్టుకునేవారు. ఒక ఏడాది బ్యాంకు పాస్‌బుక్కులో డివిడెండు పడలేదు. రికార్డు తేదీన షేరు ఎవరి డీమ్యాట్‌లో ఉంటే కంపెనీ వాళ్లకే డివిడెండు వేస్తుంది కదా. బ్రోకర్‌ని అడిగితే పోస్టు ఆలస్యమన్నాడట. మా దగ్గరికొచ్చి ఆ ఫైలు బల్ల మీద పెట్టారు. ఆ కాగితం మీద బ్రోకర్ ముద్ర ఉంది, డిపాజిటరీ పేరెక్కడా లేదు. డిపాజిటరీ స్టేట్‌మెంట్ తెప్పించండి సార్ అన్నాను. అది వచ్చాక చూస్తే బ్యాలెన్సు సున్నా. ఆ స్లిప్పులతో షేర్లు బ్రోకర్ ఖాతాకి ఎప్పుడో వెళ్లిపోయాయి, వాటిని పెట్టి వాడు తన అవసరాలు తీర్చుకున్నాడు. ఆయన అరవలేదు తల్లీ, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఇంట్లో ఎలా చెప్పాలమ్మా అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నువ్వు ఆ స్లిప్పుల జోలికి వెళ్లక్కర్లేదు. అమ్మేటప్పుడు సీడీఎస్ఎల్ అయితే టీపిన్ అనే రహస్య నంబరు, ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీయే నీ సంతకం. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని ఎవడు అడిగినా చెప్పకు. డీడీపీఐ అని, నువ్వు అమ్మిన షేర్లను డీమ్యాట్ నుంచి తీసే అధికారం బ్రోకర్‌కి ఇచ్చే కాగితం ఇంకొకటి సంతకం పెట్టమంటారు, అది ఇస్తే ప్రతిసారీ ఓటీపీ బాధ ఉండదు. నువ్వు రోజూ అమ్మేదానివి కాదు కదా, వద్దను. అది ఇవ్వకపోయినా అకౌంట్ తెరుస్తారు.

తెరిచిన వారంలోనే బ్రోకర్‌తో సంబంధం లేకుండా డిపాజిటరీ సైట్లో లాగిన్ పెట్టుకో. సీడీఎస్ఎల్‌లో దాని పేరు Easi, ఎన్ఎస్‌డీఎల్‌లో IDeAS. షేర్లు కొన్న మర్నాడు సాయంత్రం అక్కడ చూడు. యాప్‌లో పది ఉండి, అక్కడ ఒకట్రెండు రోజులైనా సున్నా ఉంటే బ్రోకర్‌కి మెయిల్ రాయి, ఫోన్‌తో సరిపెట్టకు. వాళ్లు తేల్చకపోతే షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ వాళ్ల స్కోర్స్ సైట్లో ఫిర్యాదు పెట్టు. ఫోన్ నంబరు మారిస్తే డీమ్యాట్‌లో కూడా ముందు మార్చు, లేకపోతే షేర్లు బయటికి వెళ్లినప్పుడు వచ్చే మెసేజ్ పాత నంబరుకే పోతుంది.

ఇంకో మాట. డిపాజిటరీ కాపలా షేర్లకే, డబ్బుకి కాదు. కొనడానికి వేసిన డబ్బు మిగిలితే బ్రోకర్ దగ్గర ఉంచకుండా బ్యాంకుకి వెనక్కి తెప్పించుకో.

ఫారం నింపేటప్పుడు మెయిల్ ఐడీ నీదే ఇవ్వు, మీ తమ్ముడిది కాదు. వాడు మెయిల్స్ చూడడని మన ఇంట్లో అందరికీ తెలుసు.

మీ పెద్దమ్మ