ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకుండా పాత యజమాని ఆపగలరా?

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ సేల్స్ విభాగంలో 4 ఏళ్లు పనిచేసి, గత వారం రాజీనామా ఇచ్చాను. నోటీసు గడువు 90 రోజులు. అదే రంగంలో ఉన్న మరో సంస్థ 30 రోజుల్లో చేరమంటోంది. మానేశాక 2 ఏళ్ల వరకు పోటీ సంస్థలో చేరకూడదని, చేరితే 5 లక్షల రూపాయలు కట్టాలని నా ఒప్పందంలో ఉంది. కోర్టుకు వెళతామని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ కూడా వచ్చింది. నేను చేరవచ్చా?

జవాబు: చేరవచ్చు, కానీ 30 రోజులకే చేరడంలో చిక్కు ఉంది. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది పాత సంస్థతో మీ ఒప్పందం ముగిసే తేదీ. ఆ తేదీకి ముందు చట్టం ఒక విధంగా, తర్వాత మరో విధంగా వర్తిస్తుంది.

ముందుగా, మానేసిన తర్వాతి కాలం సంగతి చూద్దాం. చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 27 చెబుతోంది. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మినవారికి సంబంధించిన మినహాయింపు ఆ సెక్షన్‌లో ఉన్నా, అది ఉద్యోగులకు వర్తించదు. ఇంగ్లండులో ఇలాంటి షరతు సమంజసంగా ఉందా లేదా అని కోర్టులు తూచి చూస్తాయి. మన సెక్షన్ 27 ఆ తూకానికి తావివ్వలేదు. కాబట్టి 2 ఏళ్ల నిషేధాన్ని 6 నెలలకు తగ్గించి రాసినా, ఒక్క నగరానికే పరిమితం చేసినా దాని స్వభావం మారదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌పై ఒక మార్కెటింగ్ సంస్థ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా, ఒప్పంద కాలం ముగిశాక కొనసాగే ఇలాంటి ఆంక్ష సెక్షన్ 27 ముందు నిలవదనే అభిప్రాయపడింది. 5 లక్షల షరతుకూ ఇదే వర్తిస్తుంది. చెల్లని నిషేధాన్ని ఉల్లంఘించినందుకు పరిహారం అడిగే హక్కు పుట్టదు. అయితే శిక్షణ ఖర్చుకో, కనీస సేవా కాలానికో ఇచ్చిన బాండు ఇలాంటిది కాదు. అటువంటి బాండును 2025లో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. మీరు సంతకం చేసిన కాగితాల్లో అలాంటిదేమైనా ఉందేమో విడిగా చూసుకోండి.

ఇక ఒప్పందం అమలులో ఉన్న కాలం. 5 ఏళ్ల ఒప్పందంపై చేరిన ఉద్యోగి మధ్యలోనే మానేసి పోటీ కంపెనీలో చేరిన గోలికరీ కేసులో, ఆ గడువు ముగిసేవరకు అతణ్ని అడ్డుకున్న ఉత్తర్వును 1967లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాజీనామా ఇచ్చినంత మాత్రాన ఒప్పందం ముగియదు. నోటీసు గడువు ముగిసేవరకో, సంస్థ మిమ్మల్ని ముందుగా రిలీవ్ చేసేవరకో మీరు ఆ సంస్థ ఉద్యోగే. జీతమిస్తూ ఇంట్లోనే ఉండమని చెప్పినా అంతే. 30వ రోజున మీరు వెళ్లి చేరితే, ఎవరూ మిమ్మల్ని బలవంతంగా పాత పనిలో కూర్చోబెట్టలేరు గానీ, మిగిలిన 60 రోజులు పోటీ సంస్థలో పనిచేయకుండా ఇంజంక్షన్ కోరడానికి పాత సంస్థకు గట్టి ఆధారం దొరుకుతుంది. చేతికందిన గెలుపును తొందరపాటుతో బలహీనపరచుకోవద్దని నా గట్టి సలహా. నోటీసుకు బదులు జీతం చెల్లించి వెళ్లే వీలు ఒప్పందంలో ఉందేమో చూడండి. ఆ వీలు ఉద్యోగికి ఉన్నదా, యజమాని అంగీకరిస్తేనే వర్తిస్తుందా అన్నది ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చదివితేనే తెలుస్తుంది. అంగీకారం అవసరమైతే లిఖితపూర్వకంగా అడిగి, రిలీవింగ్ తేదీని లిఖితపూర్వకంగానే తీసుకోండి. అది కుదరకపోతే, కొత్త సంస్థను మరో 60 రోజులు ఆగమని కోరడమే క్షేమం.

మీరు సేల్స్‌లో ఉన్నారు కనుక మరో మాట చెప్పాలి. మీ అనుభవం, నైపుణ్యం మీ సొంతం. సంస్థ రహస్యంగా ఉంచుకున్న ధరల పట్టికలు, ఖాతాదారుల వివరాల ఫైళ్లు మీవి కావు. ఇలాంటి వివాదాల్లో నిషేధ షరతు చెల్లకుండా పోయినా, చివరి వారంలో సొంత ఈమెయిల్‌కు పంపుకున్న ఒక్క ఫైలు మొత్తం కేసును తిప్పేయగలదు. పాత ఖాతాదారులను లాక్కోవద్దనే షరతు ఉంటే, చేరిక విషయంలో జోక్యం చేసుకోకుండానే ఆ మేరకు నిషేధం విధించిన హైకోర్టు తీర్పులూ ఉన్నాయి. లాప్‌టాప్‌, ఫైళ్లు అప్పగించి రసీదు తీసుకోండి.

హెచ్‌ఆర్ మెయిల్‌కు వాదన పెట్టుకోకుండా, నోటీసు గడువును, రహస్య సమాచార షరతులను పాటిస్తానని, ఆ తర్వాతి నిషేధం సెక్షన్ 27 ప్రకారం చెల్లదని మూడు వాక్యాల్లో జవాబివ్వండి. మీకు తెలియకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారన్న భయముంటే, ఒప్పందంలో పేర్కొన్న పరిధిలోని సివిల్ కోర్టులో మీ వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోరుతూ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయండి. అది 90 రోజులు అమలులో ఉంటుంది. ఆ తర్వాత అవసరమైతే మళ్లీ వేసుకోవాలి.