చప్పుడు భరించలేని చెవికి దూది మందు కాదు

“కుక్కర్ విజిల్ వేసినా, గిన్నె జారిపడినా చెవిలో సూది గుచ్చినట్టు ఉంటోంది. వినికిడి పరీక్షలో ఏ లోపమూ లేదన్నారు. రోజంతా చెవుల్లో దూది పెట్టుకోవచ్చా?”

పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. తిరుపతిలో ఒక దీపావళి నాడు చెవి పక్కనే టపాసు పేలిన తరువాత నా భార్యకు ఇదే బాధ మొదలైంది. మొదట చూసిన వైద్యుడు వినికిడి సవ్యంగానే ఉంది, మనసు దిటవు చేసుకోండి అని పంపివేశారు. ఆ మాట నన్ను నేటికీ బాధిస్తుంది. ఎందుకంటే ఆ పరీక్ష ఎంత చిన్న శబ్దం వినబడుతుందో కొలుస్తుంది గానీ ఎంత శబ్దం దగ్గర ఓర్పు తెగుతుందో కొలవదు.

ఆ రెండవది కొలిచినది వేలూరులోని ఆడియాలజిస్టు. శబ్దాన్ని మెల్లగా పెంచుతూ, ఇక భరించలేననిపించినప్పుడు చేయి ఎత్తమన్నారు. చాలామంది 90, 100 డెసిబెల్స్ దాకా ఓర్చుకుంటారు. ఆమె 70 దగ్గరే చేయి ఎత్తింది.

ఆమె అప్పటికి నిద్రలో కూడా దూది తీసేది కాదు. చెవికి చేరే శబ్దం తగ్గితే మెదడు ఉన్న కాస్త శబ్దాన్నే మరింత పెద్దదిగా వినడం మొదలుపెడుతుంది; చీకటి గదిలోంచి ఎండలోకి వచ్చిన కంటి పరిస్థితే ఆ చెవిది. 2003లో అమెరికాలో క్రెయిగ్ ఫాంబీ బృందం మామూలు వినికిడి ఉన్నవారికి రెండు వారాలు చెవులు మూయించి చూస్తే వారి ఓర్పు తగ్గింది. సన్నని హోరును వినిపిస్తే పెరిగింది.

చికిత్స ఆ హోరుతోనే సాగింది. చెవి రంధ్రాన్ని మూసివేయని చిన్న పరికరం, వినీ వినబడని స్థాయిలో, మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకోవాలి. అలవాటైన కొద్దీ వారాల తరబడి కొంచెం కొంచెం పెంచాలి. దూదిని మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, తరువాత వంటింట్లో, చివరికి వీధిలో మానిపించారు.

అన్నిటికన్నా కష్టమైనది స్టీలు పళ్ళెం. మా వంటింటి బండ మీద పళ్ళెం పెట్టిన చప్పుడును నేను ఫోనులో రికార్డు చేసి ఇచ్చాను. ఎంత పెంచాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలోనే ఉండాలని ఆడియాలజిస్టు పట్టుబట్టారు. మొదటిసారి అతి తక్కువ స్థాయిలో విన్నా ఆమె భుజాలు బిగుసుకున్నాయి. భుజాలు సడలేదాకా అదే స్థాయిలో మళ్ళీ మళ్ళీ విన్నది. చిరాకు కాసేపట్లో తగ్గితే ఆ మెట్టు సరైనదే. నొప్పి మరునాటికీ మిగిలితే ఒక మెట్టు దిగాలి, పట్టుదలకు పోకూడదు. కొన్ని నెలలకు ఆమె తానే పళ్ళేలు సర్దడం మొదలుపెట్టింది. అందరికీ ఇంత ఫలితం రాదు. నొప్పి ప్రధానంగా ఉన్నవారికి మరీ నెమ్మదిగా సాగాలి.

నిజంగా పెద్ద చప్పుడుకు మాత్రం ప్లగ్గులు కావాలి. గంగమ్మ జాతరలో పంబల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆమె ఇప్పటికీ పెట్టుకుంటుంది, ఆ వీధి దాటగానే తీసేస్తుంది. శబ్దానికి కళ్ళు తిరుగుతున్నా, ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోయినా ఈ అభ్యాసాలేవీ మొదలుపెట్టక వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవండి.